ఆరింటి మాత్ర

ప్రెస్సులో అందరూ ఆయన్ని కామా గారనేవారు. జీవితమంతా బడి పిల్లల పుస్తకాలకు ప్రూఫులు దిద్దిన మనిషి. కొట్ల బోర్డుల మీద తప్పులుంటే నడిరోడ్డు మీద ఆగిపోయి లోపలికి వెళ్ళి చెప్పి వచ్చేవారు. పెళ్ళయిన కొత్తలో భార్య పుట్టింటి నుంచి రాసిన ఉత్తరాన్ని ఎర్ర సిరాతో దిద్ది తిరుగు టపాలో పంపించారు. ఆవిడ ఆ సంగతి ఎన్నటికీ మర్చిపోలేదు. "మొగుణ్ణి చేసుకున్నాననుకున్నాను. పరీక్ష పేపరు రాస్తున్నానని తర్వాత తెలిసింది" అనేది వచ్చినవాళ్ళతో.

కుడిచేతి బొటనవేలు దానంతటదే ఆడడంతో మొదలైంది జబ్బు. తర్వాత రాసే అక్షరాలు వాక్యం చివరికి వచ్చేసరికి చీమల్లా చిన్నవయిపోవడం మొదలుపెట్టాయి. ఆ తర్వాత గడప దగ్గర కాళ్ళు నేలకు అంటుకుపోయేవి. మెదడులో కదలికలను నడిపించే రసం తగ్గిపోతోందని, దాన్ని మళ్ళీ అందించే లెవోడోపా మాత్రలు వేసుకోవాలని నరాల డాక్టరు చెప్పింది. మొదటి రెండు మూడేళ్ళు మాత్ర గంటా గంటన్నర ఆలస్యమైనా పెద్దగా తెలియలేదు. తర్వాత తెలిసింది.

"ఇదివరకు మీ మెదడులో ట్యాంకు ఉండేది మాస్టారూ. నీళ్ళు నిలవుండేవి. ఇప్పుడు ట్యాంకు పోయింది. బిందె తెచ్చి పోసినంత సేపే నీళ్ళు" అంది డాక్టరు. "అందుకే ఆరింటికంటే ఆరింటికే. ఏడింటికి కాదు. తిండికి అరగంట ముందు వేసుకోండి. పప్పు, పాలు, గుడ్డు కడుపులో ఉంటే మాత్రని లోపలికి పోనివ్వవు. దారి ఒక్కటే, ఇద్దరూ తోసుకుంటారు."

పొద్దున ఆరు, పది, మధ్యాహ్నం రెండు, సాయంత్రం ఆరు. పడుకోబోయే ముందు ఇంకో రకం, మెల్లగా కరిగే మాత్ర. కామా గారి రోజు ఆ నాలుగు గంటల చుట్టూ తిరిగేది. మాత్ర పడిన అరగంటకో, ముప్పావుగంటకో ఆయన కుర్చీలోంచి లేచేవారు. ఎర్ర పెన్ను పట్టి ప్రచురణ కర్త పంపిన కాగితాలు నాలుగైదు దిద్దేవారు. మాత్ర బలం దిగిపోయే వేళకి వాక్యం మధ్యలో పెన్ను ఆగిపోయేది. మొహం మీంచి భావాలన్నీ ఎవరో తుడిచేసినట్టు పోయేవి. మళ్ళీ మాత్ర, మళ్ళీ మనిషి.

చుట్టాలకి ఇది అర్థం కాలేదు. ముఖ్యంగా ఆయన తమ్ముడికి. బీమా ఆఫీసులో పెద్ద ఉద్యోగం, నలుగురిలో మాట చెల్లే మనిషి. ఒకసారి పదకొండింటికి వచ్చి అన్నగారు మెట్లెక్కడం చూశాడు. ఇంకోసారి ఒంటిగంటన్నరకు వచ్చి అదే మనిషిని వదిన మంచినీళ్ళు తాగించడం చూశాడు.

"వదినా, నువ్వే చెడగొడుతున్నావు. మొన్న గుర్రంలా నడిచాడు. అన్నీ చెయ్యడానికి నువ్వున్నావని బద్ధకం" అన్నాడు.

"మొన్న మాత్ర పనిచేస్తోంది నాయనా. ఇప్పుడు అయిపోయింది. రెండింటికి వేస్తాను, కూర్చుని చూడు."

అతనికి కూర్చునే తీరిక లేదు.

మాత్రల అట్టల సంగతి మాత్రం కామా గారు ఎవరికీ వదిలిపెట్టలేదు. కళ్ళజోడు పెట్టుకుని అట్టని దీపానికి ఎత్తి, ప్రూఫు చదివినట్టే చదివేవారు. ఒకసారి మందుల కొట్టతను అదే పేరున్న మరో అట్ట ఇచ్చి, "రెండూ ఒకటే సార్, పవరు కొంచెం ఎక్కువ, అంతే" అన్నాడు.

ఇంటికొచ్చాక భార్యని పక్కన కూర్చోబెట్టుకుని చూపించారు. "ఇదిగో, పెద్దక్షరాల్లో ఉన్నది కంపెనీ పెట్టుకున్న పేరు. ఆ పేరుతో వాడు నాలుగు రకాలు అమ్ముతాడు. పేరు పక్కన అంకె ఉంది చూడు, నూటపాతిక. అది రెండు మందుల కూడిక. కింద చిన్నక్షరాలు చదువు. లెవోడోపా వంద, కార్బిడోపా పాతిక. నాది అది. వీడిచ్చిన అట్ట మీద రెండువందల డెబ్భైయైదు ఉంది. లోపల లెవోడోపా రెండువందల యాభై. అంటే రెండున్నర మాత్రలు ఒకేసారి మింగినట్టు."

"మరి రాత్రిది?"

"దాని మీద పేరు చివర సి, ఆర్ అని రెండు అక్షరాలుంటాయి. మెల్లగా వదిలే మాత్ర. లెవోడోపా రెండువందలు. కానీ గంటల తరబడి కొంచెం కొంచెంగా ఇస్తుంది. దాన్ని నలిపితే, నమిలితే, గంటల మందు ఒక్కసారే ఒంట్లో పడుతుంది. ఆ రెండక్షరాలూ చూడకుండా అట్ట ముట్టుకోకు. ఇంకోటి, మాత్రలు ఎప్పుడూ పేరూ తేదీ లేని చివర నుంచి తియ్యి. పేరున్న వైపు నుంచి చింపితే మిగిలిన దానికి ఊరూ పేరూ ఉండదు."

"సరే పంతులు గారూ" అందావిడ విసుగ్గా. వంటింట్లో పొయ్యి మీద ఏదో మాడుతోంది.

గజ్జల్లో బుడిపె తేలి హెర్నియా అన్నారు. ఆపరేషను తప్పదన్నారు. తమ్ముడే తెలిసినవాళ్ళ చేత చెప్పించి పెద్దాసుపత్రిలో మంచం ఇప్పించాడు. "అడ్డమైనవాళ్ళకి దొరకదు ఇక్కడ. నా మాట మీద ఇచ్చారు. అది గుర్తుపెట్టుకో వదినా" అన్నాడు చేర్పించేటప్పుడే.

నరాల డాక్టరు ఆ ఆసుపత్రి మనిషి కాదు. ఆవిడ రాసిచ్చిన కాగితం ఆపరేషను చేసే డాక్టరు చూసి తలాడించి ఫైల్లో పెట్టాడు. వార్డులో ఎవరో కేసు షీటు మీద మాత్ర పేరు ఒక్కటే రాసి, పక్కన "రోజుకు మూడు" అని వేశారు. అంకె లేదు, గంటలు లేవు. ఇంటి నుంచి తెచ్చిన అట్టలన్నీ హెడ్ నర్సు తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేసింది.

"సిస్టర్, ఆరింటికి ఒకటి వెయ్యాలి" అంది ఆవిడ.

"ఎనిమిదింటికి రౌండమ్మా. ఎనిమిది, రెండు, ఎనిమిది. అందరికీ అవే."

"ఈయనకి అలా కుదరదు. ఆలస్యమైతే బిగుసుకుపోతారు."

"నా దగ్గర నలభై మంచాలున్నాయి. ఒక్కొక్కరూ ఒక్కో టైము చెప్తే నేను గడియారాన్ని పెళ్ళి చేసుకోవాలి." హెడ్ నర్సు కోపంగా అనలేదు. పొద్దుట్నుంచీ కూర్చోని మనిషి గొంతు అది. చేతిలో ట్రే, చంకలో ఇంకో ఫైలు.

"నా దగ్గర ఇవ్వండి, నేను వేసుకుంటాను."

"పేషెంట్ల దగ్గర మందులుంచకూడదు. రూలు."

కామా గారు మంచం మీంచి అన్నారు, "అట్ట మీదున్నది షీటు మీద లేదమ్మా. తప్పు పడింది. దిద్దండి." అప్పటికి ఆయన మాటలో బలం ఉంది. హెడ్ నర్సు నవ్వి, "డాక్టరు గారికి చెప్తాలెండి తాతగారూ" అని వెళ్ళిపోయింది. చెప్పిందో లేదో తెలియదు.

ఆ సాయంత్రం ఆరింటి మాత్ర ఎనిమిది దాటాక పడింది. పడుకోబోయే ముందు మాత్ర షీటులో లేనే లేదు కాబట్టి పడలేదు. మర్నాడు ఆపరేషను. నోట్లో చుక్క నీళ్ళు పడకూడదన్నారు. ఆరింటిదీ పదింటిదీ రెండూ పోయాయి. గుక్కెడు నీళ్ళతో మాత్ర వెయ్యొచ్చని నరాల డాక్టరు కాగితంలో రాసే ఉంది. కాగితం ఫైల్లో ఉంది. ఫైలు ఇంకో గదిలో ఉంది.

ఆపరేషను బాగా జరిగింది. ఆ మాట అందరూ చెప్పారు. మధ్యాహ్నం బయటికి తెచ్చినప్పుడు కామా గారు కర్రలా ఉన్నారు. మోచేయి వంచితే పళ్ళచక్రం తిరిగినట్టు ఆగి ఆగి వంగింది. లాలాజలం పెదవి పక్క నుంచి కారుతోంది. కళ్ళు మాత్రం భార్యని వెతుక్కున్నాయి. మత్తు పూర్తిగా దిగేదాకా నోటికేమీ ఇవ్వకూడదని రెండింటిదీ, ఎనిమిదింటిదీ కూడా వెయ్యలేదు.

మర్నాడు పొద్దున ఆవిడ ఎనిమిదింటికి ముందే వచ్చేసరికి ఆయాలిద్దరు ఆయన్ని లేపి కూర్చోబెట్టడానికి తంటాలు పడుతున్నారు.

"ఇలా మొండికేస్తే ఎలా తాతగారూ, ఒళ్ళు వదలండి" అంటోంది ఒకామె.

"ఆయన మొండికెయ్యడం లేదమ్మా. ఒళ్ళు ఆయన చేతిలో లేదు. మాత్ర వేశారా?"

"రౌండు ఇంకా మొదలవలేదు."

ఆవిడ మరిదికి ఫోను చేసింది. "నువ్వు ఒక్కమాట చెప్పు. నీ మాట వింటారుగా."

"వదినా, నిన్నట్నుంచీ మూడుసార్లు గొడవపడ్డావట. నాకు ఫోనొచ్చింది. రెండు గంటలు అటూ ఇటూ అయితే మునిగిపోయేదేముంది? నేను కాళ్ళావేళ్ళా పడి మంచం తెస్తే, నా పరువు వార్డులో ఆరేస్తున్నావు."

ఆవిడ ఫోను పెట్టేసింది. బయల్దేరేటప్పుడు ఎందుకైనా మంచిదని, ఇంట్లో మిగిలిన అట్టలోంచి కత్తెరతో రెండు మాత్రల ముక్క కత్తిరించి పర్సులో వేసుకుని వచ్చింది. అట్టలన్నీ ఒకే కంపెనీవి, ఒకే నీలం. ముక్క మీద పెద్దక్షరాల పేరులో సగం మాత్రమే ఉంది. తక్కినది ఇంట్లో డబ్బాలో ఉండిపోయింది.

మంచం చుట్టూ తెర లాగింది. ముక్కలోంచి మాత్ర నొక్కింది. ఇది కొంచెం గులాబీ రంగులో ఉందేమిటనుకుంది. కంపెనీవాళ్ళు నెలకో రంగు మారుస్తారు కదా అని మళ్ళీ తనే సర్దిచెప్పుకుంది. ఆయన మింగే స్థితిలో లేరు. అందుకని చెంచాలో వేసి గ్లాసు అడుగుతో నలిపి, నీళ్ళు కలిపి, గడ్డం పట్టుకుని, గుటక పడేదాకా ఆగి ఆగి తాగించింది. కామా గారు చెంచా వైపు చూశారు. ఏదో అనబోయారు. పెదవులు కదిలాయి గానీ మాట బయటికి రాలేదు. కళ్ళజోడు ఆపరేషను రోజున తీసి పళ్ళసెట్టుతో పాటు మూటగట్టి సొరుగులో పెట్టారు. ఎవరూ మళ్ళీ పెట్టలేదు.

కాసేపటికి రౌండు వచ్చింది. హెడ్ నర్సు రౌండు మాత్ర కూడా నీళ్ళతో ఎలాగో మింగించింది. వద్దనాలని ఆవిడ నోటిదాకా వచ్చింది. దొంగతనంగా వేశానని ఎలా చెప్పడం? అసలు నిన్నంతా ఎగ్గొట్టారుగా, ఒకటి ఎక్కువైతే ఏమవుతుందిలే అనుకుంది.

ముప్పావుగంటకి కామా గారి చేతులు కదిలాయి. ఆవిడ ప్రాణం లేచొచ్చింది. తర్వాత భుజాలు కదిలాయి. తర్వాత మెడ. అవి ఆగలేదు. మంచం మీద మనిషి నీళ్ళలోంచి తీసిన చేపలా మెలికలు తిరుగుతుంటే, కుట్లు ఎక్కడ తెగుతాయోనని ఇద్దరు పట్టుకున్నారు. గోడ మీద ఎవరో ఉన్నారంటూ భయంగా అరిచారు. కడుపులో ఉన్నదంతా కక్కుకున్నారు.

డ్యూటీ డాక్టరు పరుగున వచ్చాడు. కుర్రాడు. "వాంతులకి ఇంజక్షనివ్వండి" అని వార్డులో అందరికీ ఇచ్చే మందు పేరు చెప్పాడు. మిగతావాళ్ళకి అది మంచి మందే. ఈ జబ్బున్నవాళ్ళకి మాత్రం మెదడులో మిగిలిన కాసిని నీళ్ళకీ అడ్డుకట్ట వేసే మందు. ఆవిడకి ఆ సంగతి తెలియదు. అతనికి తెలిసి ఉండాల్సింది. కానీ వాంతి అవుతున్న మనిషే అతనికి కనబడ్డాడు, షీటు మీది జబ్బు కనబడలేదు.

వాంతులు తగ్గాయి. మెలికలు తగ్గాయి. "చూశారా, శాంతించారు" అన్నారెవరో. మధ్యాహ్నానికి కామా గారు శాంతించడం కాదు, పూర్తిగా బిగుసుకుపోయారు. జ్వరం పైకి పాకింది. సాయంత్రం పట్టించిన నీళ్ళు దారితప్పి ఊపిరితిత్తుల్లోకి పోయాయి.

తెర వెనక దుప్పటి మార్చిన ఆయాకు ఆ ముక్క దొరికింది. హెడ్ నర్సు దాన్ని అరచేతిలో పెట్టుకుని అడిగింది.

"ఇది మీరు వేశారా అమ్మా?"

"వేశాను."

"నలిపి వేశారా?"

"మింగలేకపోతున్నారు..."

హెడ్ నర్సు ముక్కలో మిగిలిన రెండో మాత్రను చించి తీసి, బీరువాలోని అట్టలతో పోల్చి చూసింది. "ఇది రాత్రి మాత్ర. మెల్లగా కరిగేది. నలపకూడదు" అంది. అప్పటిదాకా షీటు మీద ఒక్క మాత్ర పేరుకు మించి రాయని వార్డుకు, ఆ పూట మాత్రం మాత్రల రకాలన్నీ తెలిశాయి. ఫైల్లో తారీఖు, గంట, నిమిషాలతో సహా రాశారు, అనుమతి లేకుండా బంధువే మందు ఇచ్చినట్టు.

నరాల డాక్టరు కబురందుకుని మర్నాడు వచ్చింది. షీటంతా చదివింది. ఇంజక్షను పేరు దగ్గర వేలు ఆగింది. డ్యూటీ డాక్టరు వైపు చూసింది. ముక్కులోంచి గొట్టం వేయించి, మామూలు మాత్రలు నీళ్ళలో కలిపి, గంటలు తనే షీటు మీద రాసి, కింద గీత గీసింది.

వరండాలో ఆవిడ అడిగింది, "నా వల్లేనా డాక్టరమ్మా?"

"మీ మాత్ర ఒక్కటే అయితే ఆ మెలికలు రెండు మూడు గంటల్లో పోయేవమ్మా. దానికి ముందు జరిగిందీ ఉంది, వెనక జరిగిందీ ఉంది."

"అది రాస్తారా?"

"నేను ఇక్కడ బయటి మనిషిని" అంది డాక్టరు.

ప్రాణం దక్కింది. మూడు వారాల తర్వాత ఇంటికి పంపించారు. కానీ వెళ్ళినప్పుడు నడిచి వెళ్ళిన మనిషి తిరిగి రాలేదు. ఇద్దరు పట్టుకుంటే కూర్చుంటారు. మాత్ర బాగా పనిచేస్తున్న వేళ చెవి దగ్గర పెడితే వినబడేంత మాట ఉంటుంది. ప్రచురణ కర్త ఒకసారి పళ్ళతో వచ్చి చూసి, పక్కన పెట్టి ఉన్న ప్రూఫు కాగితాలు తీసుకుని వెళ్ళిపోయాడు. ఎర్ర పెన్ను అడగడం కామా గారికి తోచలేదు, ఇవ్వడం ఆవిడకి తోచలేదు.

చుట్టాలు చూడ్డానికి వచ్చారు. వచ్చినవాళ్ళందరికీ కథ ముందే తెలుసు. తమ్ముడి భార్య తోటికోడలి భుజం మీద చెయ్యి వేసి, "పోనీలే అక్కా, కావాలని చేశావా ఏమిటి? మాత్ర మారిపోయింది, అంతే" అంది ఓదార్పుగా. ఇంకొకామె వంటింట్లో గొంతు తగ్గించి, "చదువుకున్న మొగుడికి చూసుకోని పెళ్ళాం" అనడం వినబడింది. ఆరింటి మాత్ర, పదింటి మాత్ర, ఇంజక్షను, ఇవేవీ కథలో లేవు. కథ చాలా పొట్టిగా, చెప్పుకోవడానికి వీలుగా ఉంది.

ఒకరోజు తమ్ముడు వచ్చి అన్నగారి మంచం పక్కన కూర్చున్నాడు.

"ఏదైతేనేం, గండం గడిచింది. నేను ఆ వార్డు ఇప్పించబట్టి సరిపోయింది. వాళ్ళు కేసు పెట్టకుండా కూడా మాట్లాడాను వదినా."

"ఎవరి మీద కేసు?" అంది ఆవిడ.

"నీ మీదే. ఇంకెవరి మీద?"

ఆవిడ చేతిలో గ్లాసు బల్ల మీద పెట్టింది. "నేను నలిపాను నాయనా. అట్ట చూడకుండా నలిపాను. ఆ పాపం నేను మోస్తాను, చచ్చేదాకా మోస్తాను. నువ్వు నీ వంతు ఎప్పుడు ఎత్తుకుంటావు? రెండు గంటలు అటూ ఇటూ అయితే మునిగేదేముందన్నావే, ఇదిగో, ఇంత మునిగింది. చూడు."

తమ్ముడు లేచాడు. "మనసు బాగోలేదు నీకు. తర్వాత వస్తాను" అన్నాడు. తర్వాత రాలేదు. పండ్ల దుకాణం వాడి చేత బుట్ట పంపించాడు.

ఆవిడ ఆసుపత్రికి ఒకసారి వెళ్ళింది. సూపరింటెండెంటుని కలిసి, ఈ జబ్బున్నవాళ్ళ మాత్రలు రౌండు గంటలకి కాక వాళ్ళ గంటలకే వెయ్యాలని, అట్ట మీదున్నది ఉన్నట్టు షీటులోకి ఎక్కించాలని, ఇంకో మనిషికి ఇలా కాకూడదని చెప్దామనుకుంది. దారంతా మాటలు కూడగట్టుకుంది. గంటన్నర కూర్చోబెట్టి లోపలికి పిలిచారు. ఆయన మర్యాదగా విన్నాడు.

"మీరు చెప్పింది నిజమేనమ్మా. మీ కేసు తర్వాత మేమూ చర్య తీసుకున్నాం. వెళ్ళేటప్పుడు వార్డు గుమ్మం దగ్గర చూడండి" అన్నాడు.

ఆవిడ వెళ్ళి చూసింది. గుమ్మం పక్కన కొత్త బోర్డు, పెద్ద అక్షరాల్లో: "రోగి బంధువులు ఎట్టి పరిస్థితిలోనూ మందులు ఇవ్వరాదు. ఇచ్చినచో కఠిన చర్యలు." దాని కింద మందుల వేళలు ఉన్నాయి. ఎనిమిది, రెండు, ఎనిమిది.

లోపల హెడ్ నర్సు కట్లు మార్చే ట్రే పట్టుకుని వరసలో వెళ్తోంది. ఆవిడని చూసి గుర్తుపట్టింది. ఒక్క క్షణం ఆగింది. ఏదో అడగాలనుకున్నట్టుంది, పేషెంటు ఎలా ఉన్నారని కాబోలు. పదకొండో మంచం వాడు పిలిచాడు. అటు వెళ్ళిపోయింది.

ఓ మూల మంచం మీద ముసలాయన ఒకడు పడుకుని ఉన్నాడు. దుప్పటి మీద అతని కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు ఏదో గింజని నలుపుతున్నట్టు ఆగకుండా ఆడుతున్నాయి. పక్కన స్టూలు మీద అతని కూతురు కాబోలు, గోడ గడియారం వైపు, తలుపు వైపు మార్చి మార్చి చూస్తోంది.

ఆవిడ ఆ మంచం దాకా వెళ్ళింది. "అమ్మాయ్, ఆయనకి మాత్ర ఎన్నింటికి?" అని అడిగింది.

"ఆరింటికండీ. ఇంకా వెయ్యలేదు" అంది ఆ అమ్మాయి లేచి నిలబడి.

గడియారంలో ఏడు కావస్తోంది. ఆవిడ ఏం చెప్పాలా అని నిలబడిపోయింది. గొడవపెట్టుకో అని చెప్పాలా? తను పెట్టుకుంది. నీ దగ్గరున్నది వెయ్యి అని చెప్పాలా? బోర్డు తన వీపు వెనకే ఉంది.

"షీటు మీద గంటలు రాయించు. పెద్ద డాక్టరు చేత, నీ కళ్ళ ముందు రాయించు. రాసేదాకా కదలకు" అంది. తన గొంతు తనకే కొత్తగా వినబడింది.

ఆ అమ్మాయి తలాడించింది. అర్థమైనట్టు లేదు. ఎవరీవిడ అన్నట్టు చూసింది.

వాచ్‌మన్ వచ్చి చూసే టైము అయిపోయిందన్నాడు. ఆవిడ బయటికి నడిచింది. ఇంట్లో పక్కింటావిడని కూర్చోబెట్టి వచ్చింది, ఆరింటిది వెయ్యమని అట్ట చేతిలో పెట్టి, అక్షరాలు రెండుసార్లు చదివించి. వేసిందో లేదో. వేసినా, దాని బలమంతా వాడుకోవడానికి ఆయనకిప్పుడు ఏముందని. అయినా ఆవిడ ఆటోవాణ్ణి తొందరపెట్టింది.